సాయంత్రం రష్‌కి మనుషులు చాలట్లేదా? సూపర్‌మార్కెట్‌కి ఏ షిఫ్టు పద్ధతి నప్పుతుందో లెక్కతో చూద్దాం

మధ్యాహ్నం మూడింటికి షాపులో పదకొండు మంది సిబ్బంది, నలుగురు కస్టమర్లు. సాయంత్రం ఏడింటికి కౌంటర్ల ముందు క్యూ, లోపల ఆరుగురు సిబ్బంది. జిల్లా కేంద్రాల్లోని మధ్యతరహా సూపర్‌మార్కెట్లు చాలావాటిలో కనిపించే పరిస్థితి ఇదే. యజమాని చూపు సాయంత్రం మీద ఉంటుంది కాబట్టి ఇంకో ఇద్దరిని తీసుకోవాలనుకుంటాడు. చాలాసార్లు కొత్తవాళ్ల అవసరం ఉండదు, ఉన్నవాళ్లు వచ్చే వేళలు మార్చితే సరిపోతుంది. ఎలా మార్చాలన్నదానికి నాలుగు దారులున్నాయి: రెండు సమాన షిఫ్టులు, అంచెల షిఫ్టులు, ఫుల్‌టైమ్ వాళ్లతో పాటు సాయంత్రం పార్ట్‌టైమ్, మధ్యలో ఇంటికి పంపే బ్రేక్ షిఫ్టు. ఒకే షాపు లెక్క మీద నాలుగింటినీ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ముందు గంటవారీ లెక్క

షాపు ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు తెరిచి ఉంటుందనుకుందాం. మామూలు రోజున 420 బిల్లులు, నాలుగు బిల్లింగ్ కౌంటర్లు. గంటవారీ బిల్లుల సంఖ్య బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే దొరుకుతుంది. నాలుగు వారాల రిపోర్టు తీసి, సోమవారం నుంచి గురువారం వరకు ఒక సగటు, శుక్రవారం, శనివారం, ఆదివారం విడివిడిగా వేసుకోవాలి. జీతాలు పడ్డాక నెల సరుకులు కొనే మొదటి పది రోజులు వేరే లెక్క. అన్నీ కలిపి ఒకే సగటు తీస్తే ఆ అంకె ఏ రోజుకూ సరిపోదు.

ఒక బిల్లుకు స్కానింగ్, డబ్బు తీసుకోవడం, సంచిలో సర్దడం కలిపి సగటున మూడు నిమిషాలు పడుతుందనుకుంటే కౌంటర్ గంటకు 20 బిల్లులు కొట్టగలదు. కానీ ప్లాన్ 20 మీద వేయకూడదు. జనం సమానంగా రారు, ఒక్కసారిగా ఏడుగురు వస్తారు, తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ ఉండరు. కౌంటర్‌ను దాని సామర్థ్యంలో మూడొంతుల మేరకు, అంటే గంటకు 15 బిల్లుల దగ్గర పెట్టుకుంటే క్యూ అదుపులో ఉంటుంది. 17 దాటితే క్యూ పెరుగుతుంది, 19 దగ్గర అది తరగడం ఆగిపోతుంది.

కౌంటర్లకు తోడు, తూకం దగ్గర ఒకరు, ఫ్లోర్‌లో ఒకరు ఎప్పుడూ ఉండాలి. సాయంత్రం 5 నుంచి 9 వరకు ఫ్లోర్‌లో ఇద్దరు కావాలి. స్టోర్ ఇన్‌చార్జిని ఈ లెక్కలో కలపలేదు.

| సమయం | గంటకు బిల్లులు | కస్టమర్ల కోసం కావలసిన మనుషులు |
|---|---|---|
| ఉదయం 8–9 | 14 | 3 |
| 9–2 | 18 నుంచి 34 | 4 |
| 2–4 | 12 నుంచి 14 | 3 |
| 4–5 | 24 | 4 |
| 5–6 | 40 | 6 |
| 6–8 | 58 నుంచి 62 | 7 |
| 8–9 | 44 | 6 |
| 9–10 | 20 | 4 |

ఇవన్నీ కూడితే రోజుకు 63 పనిగంటలు. దీనికి సరుకు అల్మరాల్లో సర్దడానికి 10 గంటలు, డిస్ట్రిబ్యూటర్ల సరుకు దించుకుని సరిచూడడానికి 4 గంటలు, తెరిచే పని, మూసే పని కలిపి సుమారు 5 గంటలు. మొత్తం 82. మనిషికి 8 గంటల చొప్పున రోజుకు 11 మంది. వారానికొక సెలవు కలిపితే పేరోల్‌లో 13 మంది ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఉన్నవి మూడు కౌంటర్లే నడుస్తుంటే గంటకు 60కి మించి బిల్లులు పడవు. రిపోర్టులో 6 నుంచి 9 దాకా 58, 60, 59 అని దాదాపు ఒకే అంకె కనిపిస్తే వచ్చిన జనం అంతే అనుకోకండి, కౌంటర్లు అంతకంటే కొట్టలేకపోయాయి. అలాంటప్పుడు వారం పాటు సాయంత్రం ప్రతి పావుగంటకు క్యూలో ఎంతమంది ఉన్నారో, ఎన్ని బుట్టలు వదిలేసి వెళ్లారో కాగితం మీద రాయించండి. బిల్లు పడిన సమయం, మనిషి లోపలికి వచ్చిన సమయం ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. కస్టమర్ సగటున 20 నిమిషాలు తిరిగితే, 6 గంటల బిల్లుల రష్ ఫ్లోర్‌లో 5:40కే మొదలవుతుంది. ఫ్లోర్ మనిషి కౌంటర్ మనిషి కంటే ముందుగా అవసరమవుతాడు. బట్టల షాపుకి అసలు బిల్లుల లెక్కే చాలదు, చూసి కొనకుండా వెళ్లేవాళ్లకూ మనిషి కావాలి కాబట్టి అక్కడ గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టాల్సిందే.

తెరిచే పని, మూసే పని: వీటిని ముందే కట్టేయాలి

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండు కొసలూ కదలవు, అందుకే వాటితో మొదలుపెట్టాలి.

ఉదయం 7:15కి ఇన్‌చార్జి, ఇద్దరు సిబ్బంది వస్తే 8కి షట్టర్ కస్టమర్లకు తెరవొచ్చు. ఇన్‌చార్జి అలారం ఆపి, లైట్లు వేసి ముందు ఫ్రీజర్ల దగ్గరకే వెళ్లాలి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర, పాల ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉందో లేదో చూసి రాయాలి. రాత్రి కరెంటు పోయిందా, ట్రిప్ అయిందా అన్నది తెలిసేది అక్కడే, ఎనిమిదింటికి తెలిస్తే ఆలస్యమైపోతుంది. ఈలోగా ఒకరు పాలు, పెరుగు క్రేట్లు లెక్కపెట్టి లోపల పెట్టి, బ్రెడ్డు తేదీలు చూస్తారు. ఇంకొకరు తడిగుడ్డ పెట్టి, కూరగాయలు బయటికి తీసి, తూకం మిషన్ సున్నా దగ్గర నిలబడుతోందో చూస్తారు. చివరి పావుగంటలో కౌంటర్లకు చిల్లర పంచడం, కార్డు మిషన్, క్యూఆర్ సౌండ్ బాక్సు పనిచేస్తున్నాయో చూడడం, మారిన ధరల లేబుళ్లు అంటించడం, దీపం పెట్టడం. దీపానికి ఐదు నిమిషాలు ప్లాన్‌లో రాయని షాపుల్లో మొదటి కస్టమర్ గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తాడు. ధరల లేబుళ్లు మానేస్తే కౌంటర్ దగ్గర గొడవ, ప్రతి గొడవకు ఐదారు నిమిషాలు.

మూసే పని నిజానికి 10కి మొదలుకాదు. చివరి కస్టమర్ బయటికి వెళ్లేసరికి 10:10 అవుతుంది. పది తర్వాత అన్ని పనులూ పెట్టుకుంటే నలుగురికి గంటన్నర పడుతుంది. తొమ్మిది నుంచే ఒక్కొక్కటి తీసేస్తే 10:45కి తాళం పడుతుంది. 9కి నాలుగో కౌంటర్, మూడో కౌంటర్ మూసి వాటి గల్లా అప్పుడే లెక్కపెట్టాలి. 9:15కి చెడిన కూరగాయలు, రేపటితో తేదీ అయిపోయే పెరుగు ఏరేయాలి. 9:30 నుంచి వెనక వరుసల నుంచి ముందుకు ఊడ్చుకుంటూ రావాలి. పది తర్వాత మిగలాల్సినవి: చివరి కౌంటర్ గల్లా, సాఫ్ట్‌వేర్‌లో డే ఎండ్, కార్డు మిషన్ సెటిల్‌మెంట్, నగదు లాకర్‌లో పెట్టడం, ఫ్రీజర్ మూతలు, లైట్లు, అలారం, తాళం. నగదు లెక్క, తాళం రెండింటి దగ్గరా ఇద్దరు ఉండాలి. ఖర్చు తగ్గుతుందని మూసేవాళ్లను ఇద్దరికి దించితే పని 11:15 దాటుతుంది, చివరి బస్సు పోతుంది, మర్నాడు గల్లాలో తేడా కనిపిస్తుంది. అలసిన చేతులతో లెక్కపెట్టిన నోట్లే చాలాసార్లు ఆ తేడాకు కారణం.

చట్టం ఇక్కడే అడ్డొస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ మూలం 1988 నాటి షాపుల, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం: రోజుకు 8 గంటలు, వారానికి 48, ఐదు గంటల పని దాటకముందే గంట విశ్రాంతి, వచ్చిన దగ్గర నుంచి వెళ్లేదాకా 12 గంటలకు మించకూడదు. ఇటీవలి సవరణలతో రోజువారీ పరిమితిలో మార్పులు వచ్చాయి కాబట్టి మీ రాష్ట్రంలో ఇప్పుడేముందో చూసుకోవాలి. వారానికి 48 మీద, ఐదు గంటల లోపు విశ్రాంతి మీద ప్లాన్ వేసుకుంటే ఎటూ ఇబ్బంది ఉండదు. 8 గంటలు ఆరు రోజులు వేస్తే సరిగ్గా 48 అవుతుంది. అంటే మూసే పని అరగంట సాగిన ప్రతి రాత్రీ నలుగురికి ఓవర్‌టైమే. అదే చట్టం మహిళలను రాత్రి 8:30 తర్వాత పనిలో ఉంచకూడదంది. తర్వాత వచ్చిన మినహాయింపులు భద్రత, ఇంటికి వాహనం వంటి షరతులతో వచ్చాయి. వాహనం పెట్టలేని షాపు మూసే షిఫ్టులో మహిళలను వేయకూడదు.

రెండు సమాన షిఫ్టులు

ఉదయం 7:15 నుంచి సాయంత్రం 4:15, మధ్యాహ్నం 1:45 నుంచి రాత్రి 10:45. మధ్యలో గంట విశ్రాంతి. ఐదుగురు ఉదయం, ఆరుగురు సాయంత్రం. రాయడం తేలిక, ఎవరు ఎప్పుడొస్తారో అందరికీ గుర్తుంటుంది, హాజరు చూడడం సులువు.

లోపం ఏమిటంటే, రెండు షిఫ్టులూ కలిసి ఉండే రెండున్నర గంటలు రోజు మొత్తంలో అతి మందకొడి వేళ మీద పడతాయి. అప్పుడు కావలసింది ముగ్గురు, ఉన్నది పదకొండు మంది. 6 నుంచి 8 వరకు కావలసింది ఏడుగురు, ఉన్నది ఆరుగురు. ఆ ఒక్కడు తగ్గితే నాలుగో కౌంటర్ తెరవలేరు. మూడు కౌంటర్లకు గంటకు 62 బిల్లులంటే సామర్థ్యం దాటిపోయినట్టే, ఎనిమిది దాకా క్యూ కరగదు. మళ్లీ 9 తర్వాత నలుగురు చాలే చోట ఆరుగురు ఉంటారు. మొత్తం గంటలు సరిపోయినా అవి ఉన్న వేళలు తప్పు.

ఈ పద్ధతి నప్పే షాపులు లేకపోలేదు. ఆసుపత్రి ఎదుట మెడికల్ షాపు, బస్టాండ్‌లో స్టోరు లాంటి చోట్ల రోజంతా జనం ఒకేలా ఉంటారు. అతి రద్దీ గంటను రోజు సగటు గంటతో భాగించి చూడండి. ఒకటిన్నర లోపు వస్తే రెండు షిఫ్టులు చాలు. మన లెక్కలో సగటు గంటకు 30 బిల్లులు, రద్దీ 62, అంటే రెట్టింపు పైనే. అక్కడ ఇది పనికిరాదు.

అంచెల షిఫ్టులు

అదే పదకొండు మంది, నాలుగు వేళలు. ఇద్దరు 7:15 నుంచి 4:15. ఇద్దరు 8:45 నుంచి 5:45. ముగ్గురు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9. నలుగురు 1:45 నుంచి 10:45.

నడక చూడండి. మొదటి ఇద్దరూ ఇన్‌చార్జితో కలిసి తెరుస్తారు, 8:45 దాకా ఆ ముగ్గురే చాలు. 12కి మూడో జట్టు వచ్చాక తెరిచినవాళ్లు భోజనానికి వెళ్తారు, ఒంటిగంటకు 8:45 వాళ్లు వెళ్తారు, ఆ రెండు గంటలూ కావలసిన నలుగురికి ఐదుగురు ఉంటారు. 12కి వచ్చిన ముగ్గురి విశ్రాంతి 3కి, మూసే నలుగురి విశ్రాంతి 4కి. 5కల్లా అందరూ ఫ్లోర్‌లో. 5:45 నుంచి 9 వరకు ఏడుగురు, 9 తర్వాత నలుగురు. పైన పట్టికలో అడిగింది అదే.

మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ఇక్కడా మనుషులు ఎక్కువే. కానీ ఆ రెండు గంటల్లో కస్టమర్లకు అవసరం లేని పనిగంటలు పదమూడు దొరుకుతాయి. సరుకు సర్దడం, దించుకోవడం వాటిలోకి నెట్టాలి. ఈ పద్ధతి బతికేది దాని మీదే. ఉదయం 10 నుంచి 12 వరకు నలుగురే ఉంటారు, ఆ సమయంలో డిస్ట్రిబ్యూటర్ ఆటో వస్తే ఒక కౌంటర్ మూయాల్సి వస్తుంది. సరుకు 12:30 తర్వాతే తీసుకుంటామని డిస్ట్రిబ్యూటర్లకు ముందే చెప్పి, రెండు వారాలు గట్టిగా నిలబడాలి. వాళ్ల రూటు ప్రకారం ఉదయమే మీ వీధికి రావాల్సిన ఒకరిద్దరుంటారు, వాళ్లకు వారంలో ఒక రోజు కేటాయించి ఆ రోజు ఇన్‌చార్జే దించుకోవాలి.

చెడిపోయే చోట్లు రెండు. ఒకటి, సర్దుడు పని మధ్యాహ్నం పూర్తికాక సాయంత్రానికి జారడం. ఏడింటికి నడిచే దారిలో అట్టపెట్టెలు కనిపిస్తున్నాయంటే అదే జరుగుతోంది. ఏ జట్టు ఏ వరుసలు సర్దాలో పేరు పెట్టి రాస్తే ఆగుతుంది. రెండోది, 12–9 షిఫ్టు ఎవరికీ ఇష్టం ఉండదు, ఇంట్లో రెండు పూటలూ పోతాయి. ఎప్పుడూ కొత్తవాళ్ల మీదే వేస్తే వాళ్లే మానేస్తారు. నెలకోసారి మార్చడం న్యాయం, వారం వారం మార్చితే మాత్రం నిద్ర, బస్సు, పిల్లల బడి అన్నీ తలకిందులవుతాయి.

ఆ జట్టులో మహిళలు ఎక్కువగా ఉండి వాహనం లేకపోతే 11:30 నుంచి 8:30కి జరపొచ్చు. అప్పుడు 8:30 నుంచి 9 వరకు ఆరుగురు కావలసిన చోట నలుగురే మిగులుతారు. ఆ అరగంట ఇన్‌చార్జి కౌంటర్‌లో కూర్చోవాలి, గల్లా లెక్క పావుగంట వెనక్కి జరుగుతుంది. ఆ నష్టం భరించదగినదే.

ఫుల్‌టైమ్‌తో పాటు సాయంత్రం పార్ట్‌టైమ్

12కి వచ్చే ముగ్గురి స్థానంలో ఒకరు 10 నుంచి 7, ముగ్గురు పార్ట్‌టైమ్ వాళ్లు 5 నుంచి 9. తొమ్మిది మంది ఫుల్‌టైమ్ 72 గంటలు, పార్ట్‌టైమ్ 12, మొత్తం 84. అంచెల పద్ధతిలో 88. రోజుకు నాలుగు గంటలు మిగులుతాయి, రద్దీలో ఏడెనిమిది మంది ఉంటారు, ఉదయం 10 నుంచి 12కి ఒక మనిషి అదనం. మూసేవాళ్ల విశ్రాంతిని మాత్రం 3కి ఇద్దరు, 4కి ఇద్దరుగా విడగొట్టాలి.

కాగితం మీద ఇదే అందంగా కనిపిస్తుంది. కానీ 12 నుంచి 2 వరకు భోజనాల వేళ ఒక మనిషి తక్కువ పడతాడు, అక్కడ ఇన్‌చార్జి తప్పదు. పార్ట్‌టైమ్ వాళ్లు ఎక్కువగా డిగ్రీ విద్యార్థులు. పరీక్షలప్పుడు రారు, దసరాకీ సంక్రాంతికీ ఊరెళ్తారు, షాపుకి అసలు రద్దీ అప్పుడే. ముగ్గురిలో ఇద్దరు రాకపోతే ఏడింటికి నాలుగో కౌంటర్ మూతపడుతుంది. కొత్త పార్ట్‌టైమర్‌ను నేరుగా గల్లా దగ్గర కూర్చోబెట్టడం మరో పొరపాటు. మూడు నిమిషాల బిల్లు అతని చేతిలో ఐదు నిమిషాలైతే ఆ కౌంటర్ గంటకు 12 బిల్లులే కొడుతుంది. ముందు సంచులు సర్దడానికి, ఫ్లోర్‌కి పెట్టి, అక్కడి నుంచి పాతవాళ్లను కౌంటర్‌కి తేవాలి. పక్కన మనిషి సంచి సర్దిపెడితే పాత క్యాషియర్ వేగం పెరుగుతుంది, లాభం అక్కడుంది.

రద్దీ మూడు నాలుగు గంటలకే పరిమితమై, దగ్గర్లో కాలేజీ ఉండి, ఐదుగురిని పిలిస్తే ముగ్గురు దొరికే ఊరైతే ఈ దారి ఎంచుకోండి. లేకపోతే అంచెల పద్ధతే భద్రం.

బ్రేక్ షిఫ్టు

ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, మధ్యలో ఇంటికి. మందకొడి వేళ వృథా ఉండదు. 9 నుంచి 1, మళ్లీ 5 నుంచి 9 అయితే మొత్తం వ్యవధి సరిగ్గా 12 గంటలు. 8 నుంచి 12, 5 నుంచి 9 అయితే 13 గంటలు, చట్టం దాటినట్టే. 12 గంటల్లో తెరిచే పని, మూసే పని రెండూ ఇమడవు కాబట్టి ఆ కొసలకు వేరేవాళ్లు కావాలి. ఇల్లు నడిచివెళ్లే దూరంలో ఉన్నవాళ్లకు తప్ప ఇది శిక్షే, నాలుగు గంటలు ఎక్కడ గడపాలో తెలియక షాపు మెట్ల మీదే కూర్చుంటారు. ముగ్గురు నలుగురితో యజమానే తెరిచి మూసే చిన్న కిరాణా షాపుకి సరిపోతుంది. మన పదకొండు మంది షాపుకి వద్దు.

ఆదివారం లెక్క వేరు

ఈ 420 బిల్లుల షాపుకి అంచెల పద్ధతే ఎంచుకోవాలి. కానీ ఆ ప్లాన్ ఆదివారానికి అలాగే పనికిరాదు, రద్దీ ఉదయం 10 నుంచి 1 మధ్య ఇంకోసారి లేస్తుంది. పేరోల్‌లోని 13 మందికి వారానికి 78 హాజరులు. ఆదివారం 13 మందినీ రప్పించి, ఐదు రోజులు 11 మందిని, అతి తక్కువ బిల్లులు పడే ఒక రోజు (సాధారణంగా మంగళవారమో బుధవారమో) పది మందిని పెడితే సరిగ్గా 78 అవుతుంది. ఆదివారం అదనంగా వచ్చే ఇద్దరికీ 9:45 నుంచి 6:45 ఇవ్వాలి, సాయంత్రం ఏడుగురు ఎలాగూ ఉన్నారు. పది మంది ఉండే రోజు 8:45 జట్టులో ఒకరిని తగ్గించాలి, 12–9 జట్టును ముట్టుకోకూడదు. ఆ రోజు ఉదయం ఎవరైనా చెప్పాపెట్టకుండా మానేస్తే 1:45 వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి ముందు రప్పించాలనిపిస్తుంది. అలా చేస్తే ఆ మనిషి 8 గంటలు రాత్రికి ముందే అయిపోతాయి, మూసేది ముగ్గురే అవుతారు. ఉదయం ఫ్లోర్‌లో ఒకరు తగ్గినా ఫరవాలేదు, తూకం దగ్గరికి ఇన్‌చార్జి వెళ్లాలి, ఫోన్ 12కి వచ్చే జట్టుకి చేసి ఒకరిని 11కి రమ్మని, రాత్రి 8కి పంపేయాలి.